రెండో తెర ఎందుకు నల్లబడుతుంది?

ఇంజినీరింగ్ కాలేజీ ఫెస్టుల్లో వీడియో గేమ్ పోటీ ఇప్పుడు మామూలైపోయింది. వేదిక మీద బల్ల, బల్ల మీద మానిటర్, దాని ముందు కంట్రోలర్లు పట్టుకుని ఇద్దరు కుర్రాళ్లు. వాళ్లాడే ఫుట్‌బాల్ మ్యాచ్ హాలంతా చూడాలి కాబట్టి వెనక పెద్ద తెర, సీలింగ్‌కి ప్రొజెక్టర్. ఆట నడిపేది మాత్రం ఒక్క ప్లేస్టేషన్ 5. దానికి బొమ్మ బయటికిచ్చే హెచ్‌డీఎంఐ పోర్టు ఒక్కటే ఉంటుంది. ముందున్న టైప్-సి పోర్టులోంచి వీడియో రాదు.

దాంతో నిర్వాహకుల్లో ఒకరు ఎలక్ట్రానిక్స్ కొట్టుకు వెళ్లి, ఒక వైరు లోపలికి, రెండు వైర్లు బయటికి ఉండే స్ప్లిట్టర్ ఒకటి తెస్తారు. మానిటర్ తగిలిస్తే బొమ్మ వస్తుంది. ప్రొజెక్టర్ కూడా తగిలించగానే రెండు తెరలూ నల్లబడతాయి. లేదా రెండు మూడు సెకన్లకోసారి వెలిగి ఆరిపోతుంటాయి. కొట్టువాడు మంచివాడైతే స్ప్లిట్టర్ మార్చి ఇస్తాడు. కొత్తదీ అదే పని చేస్తుంది, ఎందుకంటే చాలాసార్లు తప్పు స్ప్లిట్టర్‌ది కాదు.

పాత టీవీల రోజుల్లో ఎరుపు, తెలుపు, పసుపు రంగుల వైర్లకు ఒక జాయింట్ పెట్టి రెండు టీవీలకు పంచుకునేవాళ్లం. బొమ్మ కాస్త మసకబారేదేమో గానీ వచ్చేది. ఆ వైరులో సంకేతం ఒకవైపే వెళ్తుంది. ఇచ్చేవాడికి తీసుకునేవాడెవరో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. హెచ్‌డీఎంఐ అలా కాదు. దాని 19 పిన్నుల్లో 15, 16 నంబర్లవి కేవలం మాటామంతీ కోసం. బొమ్మ పంపే ముందు కన్సోల్ ఆ తీగల మీద అవతలి తెరను పలకరించి, నువ్వెవరు, ఎంత పెద్ద బొమ్మ చూపగలవు, ఏ రకం శబ్దం వినిపించగలవు అని అడుగుతుంది. తెర తన లోపల రాసి ఉన్న చిన్న పట్టికను అప్పజెబుతుంది. దాన్ని ఈడీఐడీ అంటారు. ప్రతి తెరా ఈ పట్టికను ఒకే చిరునామా మీద ఉంచుతుంది. అందుకే ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే, కరెంటు అవసరం లేని వై ఆకారపు వైరు పనికిరాదు. ఒక ప్రశ్నకు రెండు తెరలూ ఒకేసారి జవాబు చెప్పబోతాయి, కన్సోల్‌కి ఏదీ అర్థం కాదు. పైగా ఒకే తెరకు సరిపడా కొలిచి పంపే సంకేతం రెండుగా చీలేసరికి నీరసపడుతుంది. కొనేటప్పుడు సొంత అడాప్టర్‌తో కరెంటు తీసుకునే స్ప్లిట్టర్‌నే కొనాలి.

అలాంటిది కొన్నా తెర నల్లబడుతోందంటే అసలు కథ హెచ్‌డీసీపీ దగ్గర ఉంది. ఇది ఇంటెల్ కంపెనీ తయారుచేసిన కాపీ రక్షణ పద్ధతి. డిజిటల్ వైరులోంచి వెళ్లే బొమ్మకు నాణ్యత తగ్గదు. కాబట్టి మధ్యలో రికార్డర్ పెడితే అచ్చు గుద్దినట్టు నకలు వస్తుందని సినిమా స్టూడియోలు భయపడ్డాయి. ఆ భయానికి జవాబుగా, కన్సోల్ లేదా ప్లేయర్ బొమ్మను తాళం వేసి పంపుతుంది, తాళంచెవి ఉన్న తెర మాత్రమే తీసి చూపుతుంది. మొదటి తరం హెచ్‌డీసీపీలో ప్రతి పరికరానికీ ఫ్యాక్టరీలోనే 40 రహస్య తాళంచెవులు ఇస్తారు. వాటితోపాటు ఆ పరికరానికి ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. రెండు పరికరాలు కలిసినప్పుడు ఒకదాని సంఖ్య ఇంకొకటి తీసుకుని, తన తాళంచెవుల్లో కొన్నింటిని ఎంచి కూడుతుంది. రెండువైపులా ఒకే మొత్తం వస్తే పరిచయం కుదిరినట్టు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. హెచ్‌డీసీపీ బొమ్మను పంచుకోవద్దని అనదు. మధ్యలో నిలబడి పంచే పరికరానికి ఆ నిబంధనల్లోనే రిపీటర్ అనే హోదా ఉంది. హోమ్ థియేటర్ ఆంప్లిఫయర్లు పనిచేసేది ఆ హోదాతోనే. అయితే రిపీటర్‌కి పెద్ద బాధ్యత ఉంది. రేషన్ కార్డులో పేరున్న ప్రతి మనిషీ వేలిముద్ర వేస్తేనే ఈకేవైసీ పూర్తయినట్టు, స్ప్లిట్టర్ తన కింద ఉన్న ప్రతి తెరతోనూ విడివిడిగా పరిచయం ముగించి, వాటి గుర్తింపు సంఖ్యలన్నీ జాబితాగా చేసి పైనున్న కన్సోల్‌కి అందించాలి. మొదటి తరం నియమాల్లో దానికి గడువు 5 సెకన్లు. ఆ జాబితాలో రద్దయిన సంఖ్య ఏదైనా ఉందా అని కన్సోల్ చూసుకుంటుంది.

అంతటితో అయిపోదు. బొమ్మ నడుస్తున్నంతసేపూ తనిఖీ సాగుతుంది. మొదటి తరంలో ప్రతి 128 ఫ్రేములకోసారి రెండువైపులా లెక్క సరిచూసుకుంటారు. సెకనుకు 60 ఫ్రేముల బొమ్మ అయితే అది సుమారు రెండు సెకన్లకోసారి. తెర వెలిగి, రెండు సెకన్లు ఆడి, ఆరి, మళ్లీ వెలగడం అనే ఆ చిరాకు ఎక్కువగా ఇక్కడినుంచే పుడుతుంది. లెక్క కుదరక కన్సోల్ బంధం తెంచుకుని, మళ్లీ మొదటినుంచి పలకరించడం మొదలుపెడుతుంది. 4కె బొమ్మల కోసం తర్వాత వచ్చిన 2.2 తరం ఇంకా గట్టిది. అవతలి పరికరం దగ్గరలోనే ఉందో లేదో తేల్చుకోవడానికి 20 మిల్లీ సెకన్లలో జవాబు రావాలంటుంది. బొమ్మను నెట్ మీదుగా ఎక్కడో దూరంగా ఉన్న తెరకు చేరవేసే ఆలోచనకు అదొక అడ్డు.

కాలేజీ హాలుకు తిరిగి వెళ్దాం. అక్కడి ప్రొజెక్టర్ చాలాచోట్ల పాతది. సీలింగ్‌లోంచి కిందికి దిగిన వైరు నీలం మూతి వీజీఏది. దానికి హెచ్‌డీఎంఐని వీజీఏగా మార్చే చిన్న డబ్బా తగిలిస్తారు. వీజీఏ తాళాల కాలానికి ముందుది, దానిలోంచి బయటికొచ్చే బొమ్మకు రక్షణ ఉండదు. కాబట్టి రక్షణ ఉన్న బొమ్మను అలా మార్చి ఇచ్చే అనుమతి ఆ డబ్బాకు ఉండదు, మామూలు డబ్బాల్లో తాళంచెవులూ ఉండవు. స్ప్లిట్టర్ మానిటర్‌ను పలకరిస్తే చక్కగా జవాబు వస్తుంది, ప్రొజెక్టర్ వైపు నుంచి రాదు. కొన్ని స్ప్లిట్టర్లు జవాబు రాని తెరను ఒక్కదాన్నే చీకట్లో ఉంచుతాయి. చవకరకం చాలావరకు ఇంటిల్లిపాదికీ కలిపి శిక్ష వేస్తాయి. మానిటర్ ఏ తప్పూ చేయలేదు, అయినా అదీ నల్లబడుతుంది.

ఇన్ని కాపలాలు పెట్టి సాధించిందేమిటంటే చెప్పడం కష్టం. మొదటి తరం పద్ధతిలో కొన్ని పదుల పరికరాల తాళంచెవులు చేతికొస్తే మూలాన్నే తవ్వి తీయవచ్చని పరిశోధకులు 2001లోనే చూపారు. 2010 సెప్టెంబరులో ఆ మూల తాళంచెవి ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమైంది, అది అసలైనదేనని ఇంటెల్ ఒప్పుకుంది. సినిమాలు దొంగిలించేవాళ్లకు ఆనాడే దారి దొరికింది. నల్లతెర ముందు ఇప్పటికీ తల గోక్కుంటున్నది కన్సోల్‌నూ ఆటనూ డబ్బిచ్చి కొన్నవాళ్లు.

వాళ్లకు ఊరటనిచ్చే విషయం ఒకటుంది. రక్షణ కావాల్సింది సినిమాలకు, ఆటలకు కాదు. ఆడేవాళ్లు తమ ఆటను రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టుకోవడం కన్సోల్ కంపెనీలకు కూడా లాభమే. అందుకే ఎక్స్‌బాక్స్ వన్, ఆ తర్వాతి ఎక్స్‌బాక్సులు ఆట నడుస్తున్నప్పుడు తాళం వేయవు, సినిమా యాప్ తెరిచినప్పుడే వేస్తాయి. నింటెండో స్విచ్ కూడా ఆటలకు తాళం వేయదు. సోనీ దారి వేరు. పీఎస్3లో తాళం ఎప్పుడూ పడే ఉంటుంది, తీసే మార్గం లేదు. పీఎస్4 కూడా 2013లో అలాగే వచ్చింది. జనం గోల పెట్టాక 2014 ఏప్రిల్‌లో 1.70 అప్‌డేట్‌తో దాన్ని ఆపే మీట ఇచ్చారు. పీఎస్5లోనూ ఆ మీట ఉంది, కాకపోతే డబ్బా విప్పిన రోజున తాళం పడే ఉంటుంది. మెనూ మొదటి పేజీ కూడా తాళంతోనే వస్తుంది. ఈ మీట సంగతి తెలియక స్ప్లిట్టర్ల మీద స్ప్లిట్టర్లు కొన్నవాళ్లు ఎందరో.

పీఎస్5ను ముందు స్ప్లిట్టర్ లేకుండా నేరుగా మానిటర్‌కి కలిపి ఇక్కడికి వెళ్లాలి:

```
Settings > System > HDMI > Enable HDCP
```

దాన్ని ఆఫ్ చేయాలి. పీఎస్4 అయితే `Settings > System > Enable HDCP` దగ్గర ఉంటుంది. ఆపాక నెట్‌ఫ్లిక్స్ లాంటి వీడియో యాప్‌లు, బ్లూరే సినిమా డిస్కులు నడవవు. ఆటలు మాత్రం మామూలుగానే నడుస్తాయి. ఫెస్టు అయ్యాక ఇంటికెళ్లి మళ్లీ ఆన్ చేసుకోవాలి. మరిచిపోతే ఆ రాత్రి సినిమా పెట్టబోయినప్పుడు అదే గుర్తు చేస్తుంది.

తాళం తీశాక మిగిలేది ఈడీఐడీ గొడవ. మానిటర్ 27 అంగుళాల 4కె, హెచ్‌డీఆర్ ఉన్నది. ప్రొజెక్టర్ 1080పి వరకే చూపగలదు. కన్సోల్ పంపేది ఒకటే బొమ్మ, స్ప్లిట్టర్ దాన్ని నకలు తీసి రెండువైపులా ఇస్తుంది. మానిటర్ పట్టికను నమ్మి 4కె పంపితే ప్రొజెక్టర్ చేతులెత్తేస్తుంది. ప్రొజెక్టర్ పట్టికను నమ్మితే మానిటర్‌కీ 1080పియే దక్కుతుంది. రెంటినీ తృప్తిపరచడానికి ఒకవైపు 4కె, ఇంకోవైపు తగ్గించిన 1080పి ఇచ్చే స్ప్లిట్టర్లు ఉన్నాయి. వాటి ధర ఎక్కువ, హెచ్‌డీఆర్ బొమ్మను తగ్గించేటప్పుడు కొన్ని రంగులను వెలిసిపోయినట్టు చేస్తాయి. ఒక్కరోజు పోటీకి నేనైతే వాటి జోలికి పోను. అంతా 1080పికే దించేస్తాను. 27 అంగుళాల తెర మీద ఫుట్‌బాల్ ఆడేవాడికి ఆ తేడా పెద్దగా తెలియదు.

అలా దించడం వల్ల ఇంకో మేలూ ఉంది. హాల్లో వేదిక నుంచి ప్రొజెక్టర్ దాకా 15 మీటర్ల వైరు కావాలనుకుందాం. సెకనుకు 60 ఫ్రేముల 4కె బొమ్మకు వైరులో దాదాపు 18 గిగాబిట్ల వేగం కావాలి. మామూలు రాగి వైరు అంత దూరం దాన్ని మోయలేదు. అదే 1080పికి నాలుగున్నర గిగాబిట్లు చాలు, మందపాటి మంచి వైరు అయితే 15 మీటర్లు నెట్టుకొస్తుంది. అప్పటికీ రాకపోతే వైరు లోపల రాగికి బదులు గాజు తీగ ఉండే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీసుకోవాలి. దానికి ఒక దిక్కే ఉంటుంది. ఒక కొన మీద కన్సోల్ వైపు అని, రెండో కొన మీద తెర వైపు అని రాసి ఉంటుంది. తిప్పి తగిలిస్తే బొమ్మ రాదు, వైరు పాడైందనుకుంటారు.

పీఎస్5లో `Settings > Screen and Video > Video Output` దగ్గర రిజల్యూషన్‌ను 1080పికి మార్చి, హెచ్‌డీఆర్, వీఆర్ఆర్, 120 హెర్ట్జ్ ఆపేయాలి. ఇదంతా మానిటర్ ఒక్కటే ఉన్నప్పుడే చేసుకుంటే నల్లతెర ముందు గుడ్డిగా మెనూలు వెతికే బాధ తప్పుతుంది. తర్వాత స్ప్లిట్టర్ పెట్టాలి. చాలా స్ప్లిట్టర్లు మొదటి అవుట్‌పుట్‌కి తగిలించిన తెర పట్టికనే కన్సోల్‌కి చూపిస్తాయి. కాబట్టి చిన్న సామర్థ్యం ఉన్న ప్రొజెక్టర్‌ని ఒకటో నంబరుకు, మానిటర్‌ని రెండో నంబరుకు కలపాలి. చూడ్డానికి ఇది తిరకాసులా ఉంటుంది, ముఖ్యమైన తెరను ముందు పెట్టాలని మనసు చెబుతుంది. కానీ ప్రొజెక్టర్ చూపగలిగినది మానిటర్ ఎలాగూ చూపగలదు, మానిటర్ చూపగలిగినదంతా ప్రొజెక్టర్ చూపలేదు. రెండు తెరలూ ముందే వెలిగించి, స్ప్లిట్టర్‌కి కరెంటిచ్చి, కన్సోల్‌ని చివర్లో ఆన్ చేయాలి.

ఇంత చేసినా బొమ్మ సరిగా రాకపోతే, తెర తీరు చూసి కారణం చాలావరకు పట్టేయవచ్చు. బొమ్మ మీద తెల్లటి మెరుపు చుక్కలు చల్లినట్టు కనిపిస్తే అది వైరు నీరసం, తాళం గొడవ కాదు. పొట్టి వైరుతో ప్రయత్నిస్తే తేలిపోతుంది. క్రమం తప్పకుండా ఆగి ఆగి వెలుగుతుంటే తాళం మళ్లీ పడి ఉండొచ్చు, మెనూలో చూసుకోవాలి. ఒక తెర నిలకడగా ఆడుతూ రెండోది సంకేతం లేదనో, ఈ ఫార్మాట్ చేతకాదనో అక్షరాల్లో చెబుతుంటే అది ఈడీఐడీ. రంగులు బూడిద చల్లినట్టుంటే హెచ్‌డీఆర్ ఇంకా ఆగలేదు. ఆట బాగానే వస్తూ సినిమా యాప్ తెరిచినప్పుడు మాత్రమే నల్లబడితే అది కచ్చితంగా హెచ్‌డీసీపీయే, ఎక్స్‌బాక్సు ఉన్నవాళ్లకు ఎదురయ్యేది ఎక్కువగా ఇదే.

సినిమానే రెండు గదుల్లో చూడాలనుకుంటే? అప్పుడు తాళం తీయడం కుదరదు. రెండు టీవీలూ హెచ్‌డీసీపీ ఉన్నవై, మధ్య స్ప్లిట్టర్ కూడా అధికారికంగా ఆ తాళంచెవులున్నదై ఉండాలి. 4కె సినిమా అయితే ముగ్గురికీ 2.2 తరం తప్పనిసరి. ఒక టీవీ పాతదైతే 4కె బొమ్మ దానికి వెళ్లదు, మహా అయితే రెంటికీ తక్కువ నాణ్యత బొమ్మ వస్తుంది. ఈ సందులోనే తాళాన్ని గుట్టుగా విప్పి బొమ్మను బయటికి వదిలే స్ప్లిట్టర్లు బజార్లో తిరుగుతుంటాయి. పెట్టె మీద ఆ సంగతి రాసి ఉండదు. అమెరికాలో ఇలాంటి పరికరాలు అమ్మడమే నేరం. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణను ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఆటల కోసం అయితే వాటి అవసరమే లేదు, సోనీవాళ్లే మీట ఇచ్చారు.

స్ప్లిట్టర్ కంటే నాకు మెరుగనిపించే దారి క్యాప్చర్ కార్డు. ఇది అరచేతిలో ఇమిడే డబ్బా. కన్సోల్ బొమ్మ ఒకవైపు నుంచి వస్తుంది. పాస్‌త్రూ అనే పోర్టులోంచి అదే బొమ్మ ఆలస్యం లేకుండా మానిటర్‌కి వెళ్లిపోతుంది, ఇంకో నకలు యూఎస్‌బీ మీదుగా ల్యాప్‌టాప్‌కి చేరుతుంది. ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే ఓబీఎస్ పెట్టుకుని, అందులో ఆ బొమ్మను ప్రొజెక్టర్ తెర నిండా చూపవచ్చు. దానికి ప్రివ్యూ మీద కుడి క్లిక్ చేసి అక్కడి ప్రొజెక్టర్ మెనూలో ఆ తెరను ఎంచుకోవాలి. ప్రొజెక్టర్‌కి పోయే బొమ్మ ల్యాప్‌టాప్ తయారుచేసింది కాబట్టి పాత వీజీఏ అయినా, ఏ రిజల్యూషన్ అయినా పేచీ లేదు. మానిటర్ తన 4కె తను చూపుకోవచ్చు, కాకపోతే కార్డు పాస్‌త్రూ అంత మోయగలదో లేదో చూసి కొనాలి. బొమ్మ పక్కన ఆటగాళ్ల పేర్లు, స్కోరు కూడా వేయొచ్చు. అయితే ఇక్కడా తాళం తీయాల్సిందే. తీయకపోతే ఓబీఎస్‌లో కనిపించేది నల్ల చతురస్రమే.

ల్యాప్‌టాప్ మీదుగా వచ్చే బొమ్మ కాస్త వెనకబడుతుంది. 60 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేము 17 మిల్లీ సెకన్ల లోపే. యూఎస్‌బీ, ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ కలిసి అలాంటివి ఎన్నో తినేస్తాయి. ఆ తెర చూసి గోల్ కొట్టబోతే బంతి దాటిపోతుంది. ప్రేక్షకుడికి మాత్రం ఏమీ తెలియదు. తెలిసేదల్లా చెవులకే. మానిటర్ స్పీకర్లు, హాలు స్పీకర్లు రెండూ మోగితే ప్రతి విజిలూ రెండుసార్లు వినిపిస్తుంది. మానిటర్ గొంతు నొక్కేయడమో, ఆటగాళ్లకు హెడ్‌సెట్లు ఇవ్వడమో చేయాలి. కొనేటప్పుడు పెట్టె మీద 4కె అన్న అక్షరాలు చూసి మోసపోవద్దు. చవక కార్డుల్లో చాలావాటికి 4కె లోపలికి తీసుకోవడమే వచ్చు, ల్యాప్‌టాప్‌కి ఇచ్చేది 1080పి, అదీ సెకనుకు 30 ఫ్రేములే. కొన్నింటికి పాస్‌త్రూ పోర్టే ఉండదు.

హాల్లో టీవీ ఎవరో చూస్తున్నారు, పడగ్గదిలో ఆడుకోవాలి అన్నంతవరకే అవసరమైతే వైర్లతో పనే లేదు. పీఎస్ రిమోట్ ప్లే యాప్‌తో కన్సోల్ బొమ్మ వైఫై మీదుగా ల్యాప్‌టాప్‌కో ఫోనుకో వస్తుంది. సోనీ కనీసం 5 ఎంబీపీఎస్ వేగం అడుగుతుంది, 15 ఉంటే మంచిదంటుంది. కన్సోల్‌ని రౌటర్‌కి లాన్ వైరుతో కలిపితే కుదుపులు బాగా తగ్గుతాయి. ఇది కూడా కొద్దిగా వెనకబడుతుంది కాబట్టి ఫైటింగ్ గేములకు పనికిరాదు. నింపాదిగా ఆడే ఆటలకు ఇబ్బంది లేదు.

పైన చెప్పిన దారులన్నీ ఒకే బొమ్మను రెండుచోట్ల చూపేవే. ఇద్దరు ఆటగాళ్లకు చెరో తెర మీద చెరో దృశ్యం కావాలంటే ఏ స్ప్లిట్టరూ చేయలేదు, ఎందుకంటే పీఎస్5 తయారుచేసేదే ఒక బొమ్మ. సగం తెర నీకు, సగం నాకు అని పంచే ఆటల్లో కూడా ఆ పంపకం జరిగేది ఆ ఒక్క బొమ్మ లోపలే. చెరో తెర కావాలంటే రెండు కన్సోళ్లు, ఆట రెండు ప్రతులు, వాటి మధ్య నెట్ కనెక్షన్ పెట్టుకోవాలి.